కట్టకపోతే తప్ప నీళ్ళు రావు

ఇంగ్లీషులో 'ఇఫ్' అన్న మాటంటే నాకు మొదటినుంచీ చిన్నచూపు. ఎవడు పడితే వాడు వాడేస్తాడు. 'అన్‌లెస్' అలా కాదు. కాగితం మీద మొదటి మాటగా అది కనిపించిందంటే చదివేవాడు కాస్త సర్దుకుని కూర్చుంటాడు. వెనకాల ఏదో బెదిరింపు వస్తోందని తెలిసిపోతుంది. కలెక్టరాఫీసు నోటీసుకుండే దర్జా ఆ ఒక్క మాటలో ఉంది. నాకు కావలసిందీ ఆ దర్జాయే. ఉద్యోగంలో ఎలాగూ దక్కలేదు, కనీసం అపార్ట్‌మెంటు అసోసియేషన్ సెక్రటరీగానైనా దక్కించుకుందామని ఆశ.

పైగా అన్‌లెస్ విషయంలో నేను చిన్నప్పటి నుంచీ మొనగాణ్ణి. పదో తరగతి ఇంగ్లీషు పేపర్లో ఒక వాక్యం ఇచ్చి 'అన్‌లెస్ వాడి తిరగరాయుము' అనే ప్రశ్న ఉండేది, మీకూ గుర్తుండే ఉంటుంది. 'ఇఫ్ యూ డు నాట్ వర్క్ హార్డ్, యూ విల్ ఫెయిల్' అని ఇస్తారు. ఇఫ్ కొట్టేసి అన్‌లెస్ పెట్టాలి, డు నాట్ తీసేయాలి. 'అన్‌లెస్ యూ వర్క్ హార్డ్, యూ విల్ ఫెయిల్.' మార్కు చేతిలో పడ్డట్టే. ఆ నాట్ ఎందుకు తీసేయాలో మా మాస్టారు చెప్పే ఉంటారు. నేను విన్నది మాత్రం తీసేయాలన్నంత వరకే. కారణం ఎవడిక్కావాలి, మార్కు వస్తుంటే? మీరు మాత్రం కారణం అడిగారా, నిజం చెప్పండి.

ఆ అడగని కారణం ఇన్నేళ్ళు ఓపిగ్గా కాచుకుని, విజయవాడలో మా అపార్ట్‌మెంటు లిఫ్టు పక్కన నన్ను పట్టుకుంది.

మా భవనంలో మెయింటెనెన్సు బకాయిలు పెరిగిపోయాయి. నోటీసు పెట్టాలన్నారు. తెలుగులో రాస్తే అందరికీ అర్థమవుతుంది గానీ భయం ఎక్కడ పుడుతుంది? ఇంగ్లీషులో రాశాను. టైపు చేయించాను, ప్లాస్టిక్ కవర్లో పెట్టించాను, కింద పచ్చ ఇంకుతో సంతకం చేశాను. పచ్చ ఇంకు గెజిటెడ్ ఆఫీసర్లు వాడేదని తెలుసు. తెలిసే చేశాను. నోటీసు ఇది: 'అన్‌లెస్ ద మెయింటెనెన్స్ ఈజ్ నాట్ పెయిడ్ బై ద టెన్త్, వాటర్ సప్లై విల్ బి డిస్కనెక్టెడ్.'

ఒకసారి బయటికి చదవండి. బాగుంది కదూ? నాకూ అంతే బాగుంది. పదో తేదీలోగా డబ్బు కట్టకపోతే నీళ్ళు ఆపేస్తామని ఎంత గంభీరంగా చెప్పానో అనుకున్నాను. లిఫ్టు ఆగినప్పుడల్లా పక్కకి తిరిగి చదువుకునేవాణ్ణి. లిఫ్టు ఎక్కే పని లేనప్పుడు కూడా కిందికి దిగి చదువుకున్న సందర్భాలు ఉన్నాయి.

విచిత్రమేమిటంటే నోటీసు బ్రహ్మాండంగా పనిచేసింది. బ్యాంకు మేనేజర్లు, ఇంజనీర్లు, ఇంటర్ పిల్లలకి ఇంగ్లీషు ట్యూషన్ చెప్పే ఒకావిడా, అందరూ చదివారు, పరుగున వచ్చి డబ్బు కట్టారు. వాక్యం ఏం చెబుతోందో ఒక్కరూ చూడలేదు. నేనేం చెప్పదలుచుకున్నానో అది చదువుకుని వెళ్ళిపోయారు. నా తప్పుకి ఊరంతా సహకరించిందన్నమాట.

ఇది మా అపార్ట్‌మెంటుకే పరిమితమైన జబ్బు కాదని తర్వాత తెలిసి కొంత ఊరట పొందాను. వాసన్, రైక్ అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు 1979లో ఇలాంటి వాక్యం మీదే ఒక వ్యాసం రాశారు. 'నో హెడ్ ఇంజురీ ఈజ్ టూ ట్రివియల్ టు బి ఇగ్నోర్డ్' అన్నది ఆ వాక్యం. తలకి తగిలిన దెబ్బ ఎంత చిన్నదైనా సరే, నిర్లక్ష్యం చేయకూడదు అని అర్థం చెప్పుకుంటాం. అక్షరాలా తీసుకుంటే అది చెప్పేది అందుకు నేరుగా వ్యతిరేకం: దెబ్బ ఎంత చిన్నదైనా సరే, నిర్లక్ష్యం చేయవచ్చు. వాక్యంలో ఒకదాని మీద ఒకటి కాదనే మాటలు పేరుకుపోతే మన బుర్ర లెక్క మానేస్తుంది, లోకజ్ఞానాన్ని బట్టి 'ఇదే అనుంటాడులే' అని ముందుకెళ్ళిపోతుంది. దీన్ని వాళ్ళు మాటల భ్రమ అన్నారు. ఎండమావి చూసి మోసపోతే కనీసం దాహం తీరదు కాబట్టి తెలుస్తుంది. ఈ భ్రమలో దాహం కూడా తీరిపోతుంది, అదే ప్రమాదం.

మా భవనంలో మాత్రం ఒకరి బుర్ర లెక్క మానలేదు. ఆయన మూడో అంతస్తులో ఉంటారు. పేరెందుకు గానీ, మెయింటెనెన్సు కట్టని వాళ్ళలో అగ్రగణ్యులు.

జనరల్ బాడీ మీటింగు మేడ మీద జరుగుతోంది. బకాయిల సంగతి వచ్చింది. నేను లేచి, గొంతు సవరించుకుని, "నోటీసు ఇచ్చాక కూడా కట్టని వారున్నారు, నియమం ప్రకారం వారి కనెక్షన్..." అనబోయాను. ఆయన చెయ్యెత్తారు. "సెక్రటరీ గారూ, నేను మీ నోటీసుని తు.చ. తప్పకుండా పాటిస్తున్నానండీ" అన్నారు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. జేబులోంచి ఫోను తీసి నోటీసు ఫొటో చూపించి, మాట మాట విడదీసి చదివారు. "అన్‌లెస్ నాట్ పెయిడ్ అన్నారు. కట్టకపోతే తప్ప నీళ్ళు ఆపేస్తామని కదా. నేను కట్టలేదు, కాబట్టి నాకు ఆపకూడదు. మిగతా వాళ్ళందరూ కట్టేశారు, ఆపాలంటే వాళ్ళకి ఆపాలి. మీరు ఇంగ్లీషులో దిట్ట కాబట్టి అడుగుతున్నా, నేను చదివింది తప్పా?" తప్పన్నాను. ఎక్కడ తప్పన్నారు. అసలు ఉద్దేశం చూడాలన్నాను. సంతకం ఉద్దేశం కింద పెట్టారా, వాక్యం కింద పెట్టారా అన్నారు. ట్యూషన్ చెప్పే ఆవిడ పెదాలు కదుపుతూ వాక్యం మళ్ళీ చదివి, "అయ్యో, అవునండోయ్" అన్నారు. ఆ 'అండోయ్'తో నా పని అయిపోయింది. ప్రెసిడెంటు గారు ఆకాశం వైపు చూస్తున్నారు, రెండో అంతస్తు డాక్టరు గారు దగ్గుతో నవ్వు కప్పుకుంటున్నారు, వెనక వరసలో ఒక తొమ్మిదో తరగతి కుర్రాడు "అంకుల్, నాట్ తీసేస్తే సరిపోయేది కదా" అన్నాడు, నేను "గాలి ఎక్కువగా ఉంది, మీటింగు రేపటికి వాయిదా" అన్నాను. చెట్టు మీద ఆకు కదలడం లేదప్పుడు.

ఆ రాత్రి నిద్ర పట్టక కూర్చుని ఆలోచించాను. ఇంత చదువుకున్నవాణ్ణి, ఆ నాట్ అక్కడికి ఎలా తెచ్చాను? తెలుగు బుర్రతో ఇంగ్లీషు రాస్తే వచ్చే చిక్కు ఇది. 'కట్టకపోతే నీళ్ళు ఆపేస్తాం' అన్నది నా తలలో ఉన్న మాట. ఇందులో కాదనే పని ఒక్కసారే జరిగింది, అదీ క్రియలోనే. కట్టక, రాక, చెప్పక, తినక: మనకి నాట్ లాంటి విడి మాట అక్కర్లేదు, క్రియ లోపలే అది కరిగిపోయి ఉంటుంది. నేను దాన్ని ఇంగ్లీషులో పెట్టేటప్పుడు 'కట్టక' కోసం నాట్ పెయిడ్ అన్నాను. మిగిలిన 'పోతే' కోసం ఇఫ్ పెట్టవలసింది పోయి, దర్జా కోసం అన్‌లెస్ పెట్టాను. అన్‌లెస్ తన కడుపులో ఇంకో నాట్ పెట్టుకుని వచ్చింది. ఒకటి అనుకున్న చోట రెండయ్యాయి, రెండూ ఒకదాన్నొకటి కొట్టుకుని పోయాయి, మిగిలింది 'కడితే నీళ్ళు ఆపేస్తాం'.

అన్‌లెస్‌కి మన భాషలో సరైన జోడీ 'కపోతే' కాదు, 'తే తప్ప'. కడితే తప్ప, వస్తే తప్ప, అడిగితే తప్ప. చూశారా, దీని ముందు క్రియ మామూలుగా తిన్నగానే ఉంటుంది. 'అడిగితే తప్ప చెప్పడు' అంటాం గానీ, అదే అర్థంలో 'అడక్కపోతే తప్ప చెప్పడు' అని ఏ తెలుగువాడూ అనడు. కాకపోతే 'తే తప్ప'కి ఒక పట్టింపు ఉంది. దాని తర్వాత వచ్చే మాట కాదనేదైతేనే అది సాఫీగా నడుస్తుంది: చెప్పడు, రాను, ఇవ్వరు. అందుకని నోటీసులోని 'ఆపేస్తాం' అన్నదాన్ని ముందు 'నీళ్ళు రావు' అని తిప్పుకోవాలి. అలా తిప్పుకుని సరైన వాక్యం చెబితే, 'కడితే తప్ప నీళ్ళు రావు'. నేను రాసింది చెబితే, 'కట్టకపోతే తప్ప నీళ్ళు రావు'. తెలుగులో విన్న క్షణాన చెవి గింజుకుంటుంది. ఇంగ్లీషులో అయితే లిఫ్టు పక్కన వేలాడదీసి మురిసిపోతాను.

ఇక్కడితో నాకు బుద్ధి వచ్చి ఉంటే ఈ కథ ముగిసేది. కానీ తెలివితక్కువవాడికి ఒక సూత్రం దొరికితే అప్పుడు మొదలవుతుంది అసలు వినోదం. 'అన్‌లెస్ కనబడితే నాట్ కొట్టేయ్' అన్నది నా సూత్రం. ఎర్ర పెన్ను కొనుక్కున్నాను. కంటికి కనబడిన ప్రతి కాగితం మీదా నాట్ వేట మొదలుపెట్టాను.

మొదట బలైపోయింది మా మేనకోడలు. హైదరాబాదులో ఉద్యోగం, పండక్కి వచ్చి మా ఇంట్లో కూర్చుని పని చేసుకుంటోంది. "మావయ్యా, మా మేనేజరుకి మెయిల్ పెడుతున్నా, ఇంగ్లీషు ఒకసారి చూస్తావా?" అంది. అడక్కూడని మనిషిని అడిగింది. అందులో 'ఐ విల్ సెండ్ ద రిపోర్ట్ టుడే అన్‌లెస్ యూ డోంట్ నీడ్ ఇట్' అని ఉంది. నా కళ్ళు మెరిశాయి. "చూశావా, డబుల్ నెగటివ్! చదువుకున్న పిల్లలు కూడా ఇలా రాస్తే ఎలాగమ్మా" అని డోంట్ కొట్టేయించాను. పాపం, మావయ్య మీద గౌరవంతో అలాగే పంపింది. ఇప్పుడు ఆ మెయిల్ ఏమంటోంది? 'మీకు రిపోర్టు కావాలంటే తప్ప, ఇవాళ పంపిస్తాను.' అంటే అక్కర్లేకపోతే పంపుతుంది, కావాలంటే పంపదు. మేనేజరు గారు సాయంత్రం జవాబిచ్చారు: నాకు అది కావాలి, కాబట్టి నువ్వు పంపవని అర్థం చేసుకోవాలా?

పిల్ల మొదట రాసిందే సరైనది. ఆ వాక్యంలో రెండు కాదనే మాటలు ఉన్న మాట నిజమే. కానీ ఆ రెండూ ఆమెకి కావలసినవే. పంపడం ఖాయం, 'అక్కర్లేదు' అని మీరంటే తప్ప. మినహాయింపు కాదనడం మీదే ఉన్నప్పుడు అక్కడ నాట్ ఉండి తీరాలి. దొంగ నాట్ ఏదో, దొర నాట్ ఏదో పైపైన చూసి చెప్పలేం. రెండూ ఒకే చోట, ఒకే చొక్కా వేసుకుని నిలబడతాయి. వాక్యంలో ఎవరికి ఏం జరుగుతుందో చూస్తేనే బయటపడతాయి.

రెండో ఘనకార్యం పార్కింగు బోర్డు. పాతది రంగు పోయిందని కొత్తది రాయించడానికి పెయింటరుని పిలిపించాను. పాత బోర్డు మీద 'అన్‌లెస్ యూ ఆర్ ఎ రెసిడెంట్, డు నాట్ పార్క్ హియర్' అని ఉంది. ఎన్నేళ్ళుగా ఉందో, ఎవరూ దిద్దలేదు! అన్‌లెస్ ఒకటి, నాట్ ఒకటి. కాగితం మీద డు నాట్ కొట్టేసి పెయింటరు చేతికిచ్చాను. అతను అక్షరాలు లెక్కపెట్టుకుని, "ఇంతకీ ఏంటయ్యగారూ దీనర్థం? మధ్యలో ఏదైనా మాట పెద్దగా రాయాలా?" అనడిగాడు. సరే చెబుదామని మొదలెట్టాను. "ఇక్కడ కాపురముండే వాళ్ళు తప్ప మిగతా వాళ్ళంతా బళ్ళు ఇక్కడ పెట్టుకోవాలి అని..." నోరు మధ్యలో ఆగిపోయింది. పెయింటరు నాకేసి చూశాడు. "బయటి వాళ్ళకి పార్కింగ్ ఇస్తున్నారా అయ్యగారూ, చాలా మంచి పని" అన్నాడు. కాగితం లాక్కుని పాతదే రాయమన్నాను.

ఈ బోర్డు దగ్గర నేను చేసింది నోటీసు దగ్గర చేసినదానికన్నా మోటు తప్పు. అన్‌లెస్ వాక్యంలో రెండు గదులుంటాయి, మధ్యలో గోడ: అన్‌లెస్ మొదట్లో ఉంటే కామా, నడుమ వస్తే అన్‌లెస్ మాటే. అన్‌లెస్ తన గదిలో ఉన్న క్రియనే తిప్పుతుంది. గోడ అవతల ఉన్న నాట్‌తో దానికి సంబంధం లేదు. అవతలి గదిలో నాట్ ఉండడం తప్పు కాదు సరికదా, చాలా అన్‌లెస్ వాక్యాలు అలాగే ఉంటాయి. మన 'తే తప్ప' అయితే 'రాను, ఇవ్వను' అన్న మాటలు లేకుండా సాఫీగా నడవదని ఇందాకే అనుకున్నాం. నాట్‌లు లెక్కపెట్టేటప్పుడు అన్‌లెస్ గదిలోవే లెక్కపెట్టాలి. నేను ఇల్లంతా లెక్కపెట్టాను.

మూడోది చెప్పడానికి కొంచెం ధైర్యం కావాలి. అక్కడ నేను దిద్దబోయింది పార్లమెంటు చేసిన చట్టాన్ని.

అసోసియేషన్‌కి వచ్చిన చెక్కు ఒకటి బౌన్సయింది. కింద అంతస్తులో ఉండే లాయరు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ యాక్టు తీసి 138వ సెక్షను నా ముందు పెట్టారు. చెక్కు బౌన్సు కేసులు మామూలుగా దాని కిందే వేస్తారు. నేరం రుజువైతే రెండేళ్ళ వరకు జైలు గానీ, చెక్కు మొత్తానికి రెట్టింపు వరకు జరిమానా గానీ, రెండూ గానీ. అయితే చెక్కు వెనక్కి వచ్చిన మర్నాడే కేసు పెట్టడానికి వీల్లేదు. సెక్షను కింద షరతులున్నాయి. వాటి మొదటి మాటలు 'నథింగ్' అని మొదలై, ఈ సెక్షనులో ఉన్నదేదీ వర్తించదు, 'అన్‌లెస్' అంటాయి. ఆ తర్వాత మూడు షరతులు. చెక్కుని గడువులోగా బ్యాంకులో వేసి ఉండాలి. అది వెనక్కి వచ్చిందని బ్యాంకు చెప్పిన 30 రోజుల్లోగా డబ్బు కట్టమని రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. మూడో షరతు దగ్గర నా చూపు ఆగిపోయింది. నోటీసు అందిన 15 రోజుల్లోగా చెక్కు ఇచ్చినవాడు డబ్బు కట్టడంలో 'ఫెయిల్స్'.

ఫెయిల్స్! నాట్ అన్న మాట లేదు గానీ ఫెయిల్ అంటే చేయకపోవడమేగా. మారువేషంలో ఉన్న నాట్ అది. నథింగ్ ఒకటి, అన్‌లెస్ రెండు, ఫెయిల్స్ మూడు. "లాయరు గారూ, చట్టంలో అచ్చుతప్పుందండీ" అన్నాను, జేబులోంచి ఎర్ర పెన్ను తీస్తూ. ఆయన నిదానంగా పుస్తకం తన వైపు జరుపుకున్నారు. మీటింగు సంగతి ఆయనకి తెలుసు, ఆ రోజు మేడ మీద ఉన్నారు.

"మాస్టారూ, మాటలు లెక్కపెట్టకండి, మనుషుల్ని నిలబెట్టండి" అన్నారాయన. కాగితం తీసి అప్పారావు, సుబ్బారావు అని రెండు పేర్లు రాశారు. ఇద్దరి చెక్కులూ బౌన్సయ్యాయి, ఇద్దరికీ నోటీసు వెళ్ళింది. అప్పారావు పదో రోజున డబ్బు కట్టేశాడు. సుబ్బారావు కట్టలేదు, 15 రోజులు దాటిపోయాయి. "ఇప్పుడు ఒక్కొక్కణ్ణీ వాక్యంలోకి పంపండి. అప్పారావు కట్టడంలో ఫెయిలయ్యాడా?" లేదన్నాను. "అయితే అన్‌లెస్ తర్వాత ఉన్న షరతు తీరలేదు. షరతు తీరకపోతే సెక్షను వర్తించదు. అప్పారావు ఇంటికెళ్ళి పడుకోవచ్చు. సుబ్బారావు?" ఫెయిలయ్యాడన్నాను. "షరతు తీరింది. అడ్డు తొలగింది. సెక్షను పట్టుకుంటుంది. న్యాయంగానే ఉందా?" ఉందన్నాను. "మీ పెన్నుతో ఫెయిల్స్ కొట్టేసి, కడితే అని రాసి, మళ్ళీ పంపండి." పంపాను. నథింగ్ అడ్డు తొలగాలంటే కట్టాలి. కట్టిన అప్పారావు కోర్టు మెట్లెక్కాడు, కట్టని సుబ్బారావు విజిల్ వేసుకుంటూ వెళ్ళిపోయాడు. అచ్చం మా నీళ్ళ నోటీసు! మా మూడో అంతస్తు ఆయన్ని కూడా చట్టబద్ధం చేసేవాణ్ణే, లాయరు గారు పుస్తకం లాక్కోకపోతే.

అప్పటినుంచి అప్పారావు, సుబ్బారావు ఇద్దరూ నా జీతంలేని గుమాస్తాలు. ఎక్కడ అన్‌లెస్ కనబడినా ముందు రెండు గదుల మధ్య గోడ కడతాను. అవతలి గదిని అరచేత్తో మూసేస్తాను. నిజంగానే మూస్తాను, మా ఆవిడ నవ్వినా సరే. ఇవతల మిగిలిన ముక్కలో నాట్ ఉందేమో, డోంట్ ఉందేమో చూస్తాను. అక్కడితో ఆగితే మారువేషాలు తప్పించుకుంటాయి కాబట్టి వాటిని పేరు పెట్టి పిలుస్తాను: ఫెయిల్, రిఫ్యూజ్, నెగ్లెక్ట్, ఫర్గెట్, ఇగ్నోర్, విదౌట్. వీటిలో ఏది కనబడినా కొట్టేయను, అనుమానితుడిగా కూర్చోబెడతానంతే. అప్పుడు అరచెయ్యి తీసి, పని చేసినవాడు అప్పారావు, చేయనివాడు సుబ్బారావు అనుకుని ఇద్దర్నీ ఒకరి తర్వాత ఒకర్ని వాక్యంలోంచి నడిపిస్తాను. దెబ్బ తగలాల్సిన వాడికే తగిలితే వాక్యం మంచిది, ఎన్ని నాట్‌లున్నా ముట్టుకోను. మంచివాడికి తగిలితే దొంగ దొరికినట్టే.

ఒక ఉదాహరణ చూడండి, మొన్ననే ఒక పిల్లాడి హాస్టలు కాగితంలో కనబడింది. 'అన్‌లెస్ ఎ స్టూడెంట్ ఫెయిల్స్ టు సబ్మిట్ ద ఫామ్, ది అడ్మిషన్ విల్ బి కాన్సిల్డ్.' నాట్ ఎక్కడా లేదు, చూడ్డానికి ఎంత బుద్ధిమంతురాలో. అప్పారావు ఫామ్ ఇచ్చాడు. ఫెయిలవలేదు, కాబట్టి మినహాయింపు దక్కలేదు, అడ్మిషను పోయింది. సుబ్బారావు ఫామ్ ఇవ్వలేదు. మినహాయింపు దక్కింది, హాయిగా చదువుకుంటున్నాడు. బాగుచేయడానికి రెండు దారులున్నాయి, ఒక్కటే పట్టాలి. ఫెయిల్స్ టు తీసేసి అన్‌లెస్ ఉంచవచ్చు. లేదా ఫెయిల్స్ టు ఉంచి అన్‌లెస్ బదులు ఇఫ్ పెట్టవచ్చు. రెండూ ఒకేసారి చేస్తే మళ్ళీ మొదటికొస్తుంది: 'ఇఫ్ ఎ స్టూడెంట్ సబ్మిట్స్', అడ్మిషన్ రద్దు. ఇది నాకెలా తెలిసిందో అడక్కండి.

ఇంకో సంగతి కూడా చెప్పేస్తాను, ఎలాగూ పరువు మిగల్లేదు. అన్‌లెస్ అంటే ఇఫ్ నాట్ అని పదో తరగతిలో నేర్చుకున్నాం కదా, అది కూడా ఎల్లవేళలా చెల్లదు. 'వాడు రాకపోతే ఆశ్చర్యపోతాను' అన్నదాన్ని 'ఐ విల్ బి సర్‌ప్రైజ్డ్ ఇఫ్ హి డజంట్ కమ్' అంటాం. పరీక్షలో లాగా తిరగరాసి 'ఐ విల్ బి సర్‌ప్రైజ్డ్ అన్‌లెస్ హి కమ్స్' అంటే కుదరదు. అన్‌లెస్ అంటే మినహాయింపు. మామూలుగా జరిగేది ఒకటుండాలి, దాన్ని ఆపగలిగేది ఇంకోటి ఉండాలి. నీళ్ళు ఆగిపోవడం ఖాయం, కట్టడం దాన్ని ఆపుతుంది. అక్కడ అన్‌లెస్ కూర్చుంటుంది. ఇక్కడ నేను ముందుగానే ఆశ్చర్యపోయి కూర్చోలేదు, వాడు వచ్చి ఆపడానికి. వాడు రాకపోవడమే నా ఆశ్చర్యానికి కారణం. కారణం చెప్పవలసిన చోట ఇఫ్ కావాలి, ఆ చిన్నచూపు చూసిన ఇఫ్పే.

ఇంత తెలిశాక చేయవలసిన పనేమిటో మీకు తెలుసు, నాకూ తెలుసు. ఇలాంటి నోటీసులు తెలుగులో రాయాలి. ఇంగ్లీషే కావాలంటే 'ఇఫ్' పెట్టి, ఎవరు ఏం చేయకపోతే ఏం జరుగుతుందో ఒక్క నాట్‌తో చెప్పాలి. అప్పారావునీ సుబ్బారావునీ ఇబ్బంది పెట్టక్కర్లేదు, లాయరు గారి కాఫీ తాగక్కర్లేదు. లాయరు గారు కూడా అదే చెప్పారు: చట్టం రాసేవాళ్ళకి అన్‌లెస్‌తో పనుంది, ఎందుకంటే వాళ్ళు సెక్షను వర్తించకపోవడాన్ని మొదట ఖాయం చేసి, తర్వాత మినహాయింపులు తెరుస్తారు. నీళ్ళ బిల్లుకి అంత నిర్మాణం అక్కర్లేదు.

అక్షరాలా ఒప్పుకున్నాను. కాఫీకి కూడా ఒప్పుకున్నాను. ఇంటికొచ్చి, జనరేటరు డీజిలు చందా కోసం నోటీసు రాయడానికి కూర్చున్నాను. చెయ్యి దానంతటదే 'అన్‌లెస్' అని రాసింది. గోడ కట్టాను, అరచెయ్యి పెట్టాను, అప్పారావునీ సుబ్బారావునీ చెరోసారి నడిపించాను, వాక్యం నిక్షేపంలా ఉంది. అయినా ఎందుకైనా మంచిదని మూడో అంతస్తు ఆయన తలుపు తట్టి, అతికించేముందు ఒకసారి చదివిపెట్టమని అడిగాను. ఆయన చదివి, "ఈసారి బాగుందండీ" అన్నారు. డీజిలు చందా ఇంకా ఇవ్వలేదు.